గదిలో పట్టని గుండ్రం

మా మనవరాలు హెప్సిబా ఏం ఉద్యోగం చేస్తోందని ఎవరైనా అడిగితే, ఖాళీ గదుల్లో లేని సామాను పెడుతుందని చెబుతాను. నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. మొదట్లో నేనూ నవ్వాను. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళో అమ్మేవాళ్ళో ఖాళీ గదిని ఫోటో తీసి పంపుతారు. ఇది గుడివాడలో మా మేడ మీద గదిలో కూర్చుని, ఆ ఫోటోలో మంచం వేస్తుంది, బీరువా పెడుతుంది, కిటికీకి తెర కడుతుంది. చూసినవాళ్ళకి అది ఖాళీ గదిలా ఉండదు, ఎవరో ఇప్పుడే లేచి వంటింట్లోకి వెళ్ళినట్టుంటుంది. ఫోటో మూలన మాత్రం "సామాను ఊహ మాత్రమే" అని చిన్న అక్షరాలతో రాస్తుంది. అది రాయకుండా ఒక్కటీ పంపదు.

నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని. బందరులో ఒక ఆసుపత్రిలో ఆయాగా ముప్పై ఒక్క సంవత్సరాలు నేల తుడిచాను. నాకు ఈ కంప్యూటర్ సంగతి తెలియదు. కానీ అది పని చేస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూడడం నాకు అలవాటు.

"సామాను పెట్టడం పెద్ద పని కాదు అమ్మమ్మా. అది నేల మీద నిలబడ్డట్టు ఉండాలి. అదీ పని," అంటుంది.

ఒకసారి మంచం పెట్టి చూపించింది. చెరువులో పడవలా తేలుతోంది. అదే చెప్పాను. అప్పుడు మంచంకోడు నేలకి తగిలేచోట సన్నగా, బాగా నల్లగా ఒక నీడ వేసింది. కోడుకి దూరమయ్యేకొద్దీ ఆ నీడని పలచన చేసింది. కిటికీ ఎడమవైపుంటే వెలుతురు ఎడమనుంచే కదా, అందుకని మంచం నీడ కుడివైపుకి పరిచింది. నేల నున్నటి టైల్స్ కాబట్టి వాటిలో మంచం కొంచెం మసగ్గా కనిపించేలా చేసింది. అంతే, మంచం కిందకి దిగి కూర్చుంది. నాకు ఒళ్ళు జలదరించింది, నిజం.

ఒక్క నొక్కు నొక్కితే సామానంతా అదే పెట్టేసే యాప్‌లు వచ్చాయట. హెప్సిబా వాటిని నమ్మదు. మంచానికి గది చాలకపోతే అవి మంచాన్నే చిన్నది చేసి పెట్టేస్తాయట. ఆరడుగుల మనిషి పడుకోవాల్సినదాన్ని ఉయ్యాల చేసేస్తాయని తిడుతుంది. అలా తిట్టే పిల్ల చేతిలోనే ఈ పొరపాటు జరిగింది. అందుకే ఇదంతా చెప్పవలసి వస్తోంది.

బందరులో ఇళ్ళు చూపించే యుగంధర్ అనే అతను హెప్సిబాకి పనులు ఇస్తుంటాడు. అతని ద్వారా నాగాయలంక నుంచి నాగమల్లేశ్వరి అనే ఆవిడ వచ్చింది. వచ్చిందంటే ఫోన్లోకి వచ్చింది. వాళ్ళది సముద్రం మీద వేట. ఎనిమిది నెలల కింద పడవని ఒడ్డుకి లాగుతుంటే కింద వేసిన దుంగ జారి, పడవ ఆవిడ భర్త అయ్యప్ప నడుం మీద పడింది. కాళ్ళు పనిచెయ్యడం లేదు, చేతుల్లో బలం అలాగే ఉంది. బందరులో రోజూ వ్యాయామం చేయిస్తే మనిషి ఇంకాస్త తేరుకుంటాడన్నారు. అందుకని ఆరునెలలపాటు బందరులో ఇల్లు కావాలి. అతన్ని వదిలి ఆవిడ ఇళ్ళు చూడడానికి రాలేదు. ఫోటోల మీదే నడుస్తోంది బేరం.

యుగంధర్ చూపించింది పాతకాలపు ఇల్లు. కింద భాగం. అందులో పడగ్గదినుంచే బాత్రూంలోకి వెళ్ళొచ్చు, ఆ బాత్రూంకి కూడా మూడడుగుల వెడల్పు తలుపుంది. ఇప్పటి ఇళ్ళల్లో బాత్రూం తలుపు రెండున్నరే, చక్రాల కుర్చీ పట్టదు. అందుకే ఆ ఇంటి మీద నాగమల్లేశ్వరికి ఆశ పుట్టింది.

ఆవిడ మా హెప్సిబాకి వాయిస్ మెసేజ్ పెట్టింది. నేనూ విన్నాను.

"చెల్లెమ్మా, ఆయన మంచం ఆరున్నర పొడుగు, మూడు వెడల్పు. వల అల్లే తాడుతో కొలిచి మళ్ళీ టేపు మీద పెట్టి చూశాలే, తప్పు లేదు. నాదొక మంచం, రెండున్నర వెడల్పు. రెండూ వేశాక మధ్యలో కుర్చీ గుండ్రంగా తిరగాల. దానికి అయిదడుగులు కావాలంట, వ్యాయామం చేయించేటాయన చెప్పాడు. ఆయన తనంతట తాను కుర్చీలోకి జారి, తిప్పుకుని, బాత్రూంకి వెళ్ళాల. ఇంకొకళ్ళు పట్టుకోకుండా. అది జరిగితేనే ఇల్లు, లేకపోతే వద్దు. నువ్వు పెట్టి చూపించు తల్లీ."

ఆ మాట విన్నాక హెప్సిబా రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మామూలుగా అయితే సామాను అందంగా కనపడితే చాలు. ఇక్కడ అందం కాదు కావలసింది, కొలత.

ఫోటోలో కొలత ఎలా తెలుస్తుందని అడిగాను. తెలిసిన వస్తువు ఒకటి పట్టుకోవాలంది. "తలుపులు ఏడడుగులు ఉంటాయి అమ్మమ్మా. ఎదురుగోడకి బాత్రూం తలుపు మనకేసి తిన్నగా కనపడుతోంది కదా, దాన్ని ఏడడుగులనుకుంటే మిగతా గదంతా దాన్నిబట్టి తేలుతుంది." యుగంధర్‌నీ అడిగింది. "మామూలు తలుపేనండీ, ఏడడుగులు," అన్నాడు. గది వెడల్పు పదిన్నర అడుగులు తేలింది. అతని మంచం మూడు, ఆవిడ మంచం రెండున్నర పోతే సరిగ్గా అయిదు మిగిలాయి. నేల మీద అయిదడుగుల గుండ్రం ఒకటి పచ్చరంగులో గీసింది. దూరం పోయేకొద్దీ గది సన్నబడుతుంది కదా, అందుకని ఆ గుండ్రం కోడిగుడ్డులా పడుకుని కనిపించింది. రెండు మంచాల మధ్య ముద్దుగా ఇమిడిపోయింది. పొద్దున్న తొమ్మిదింటికి పంపేసింది.

పావుగంటలో నాగమల్లేశ్వరి ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో మెసేజ్ పెట్టింది. "ఆయన చూసి చూసి ఆ గుండ్రం మీద వేలు పెట్టి తిప్పుతున్నాడు చెల్లెమ్మా! రేపు తెల్లారే బండి మాట్లాడుకుంటున్నాం. సాయంత్రం అయిదింటికి యుగంధర్ గారికి ఖాయం అని చెప్పేస్తాను."

నేను అప్పుడు బజారునుంచి ఇంకా రాలేదు. వచ్చి, చేపలు కడిగి పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళి ఆ ఫోటో చూశాను. బాగుంది. చాలా బాగుంది. కానీ నాకు ఎక్కడో తేడా కొట్టింది. కూర పొయ్యి మీద పెట్టి మళ్ళీ వచ్చి చూశాను. పులుసులో ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు, మళ్ళీ వచ్చాను.

"ఏంటి అమ్మమ్మా అటూ ఇటూ తిరుగుతున్నావ్? కూర్చో."

"ఆ కిటికీ చూడవే. పడుకున్నవాడి ముక్కుకి తగిలేలా లేదూ?"

"కిటికీ కిందకి ఉంటే మంచిదేగా. బయటకి కనపడుతుంది."

"మంచిదే. కానీ ఎవరు కడతారే అంత కిందకి? కిటికీ అడుగు నేలకి మూడడుగుల ఎత్తున పెడతారు. స్విచ్చి బోర్డు చూడు. పాకే పిల్ల పట్టుకుని నిలబడేలా ఉంది."

హెప్సిబా ఫోటోని పెద్దది చేసి చూస్తోంది. నాకు మాత్రం బందరు గుర్తొచ్చింది. మేం అద్దెకున్న ఇల్లు. వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే కొత్తది పోసేవారు. రోడ్డు లేస్తుంటుంది, ఇల్లు దిగిపోతుంటుంది. మొదట వాన నీళ్ళు అరుగు దగ్గర ఆగేవి, తరువాత గడప దగ్గర, ఆ తరువాత నా మంచం కిందకి వచ్చేవి. మా ఆయన చెప్పులు ఒకసారి వంటింట్లో తేలుతూ దొరికాయి. చివరికి ఇంటాయన ఇసుకా మట్టీ తోలించి, లోపల అడుగు ఎత్తున మెరక చేయించి, పైన కొత్త బండలు వేయించాడు. నేల పైకొచ్చింది. గోడలు పైకి రావు కదా! కిటికీలు కిందకి దిగినట్టయ్యాయి. ద్వారబంధాలు అడుగు మేర నేలలో కూరుకున్నాయి, తలుపులు కింద కోశారు. మా ఆయన పొడుగు మనిషి. ఆ తరువాత రెండు నెలలు రోజూ నుదురు కొట్టుకుని ఇంటాయన్ని రోజూ తిట్టాడు. బందరులో పాత ఇళ్ళు చాలావాటి కథ ఇదే.

"హెప్సీ, అది ఏడడుగుల తలుపు కాదే. నేల లేపి కోసిన తలుపు."

"ఫోటో చూసి ఎలా చెప్తావ్ అమ్మమ్మా? కెమెరా అన్నిటినీ సాగదీస్తుంది, కుదిస్తుంది."

"ఎదురుగోడ తిన్నగా ఉందన్నావు కదా. తిన్నగా ఉన్నదాన్ని కూడా కుదిస్తుందా?"

"ఆ గోడ మీద అయితే... కుదించదు."

నేను చీపురులోంచి ఒక పుల్ల తీసుకొచ్చాను. తెరమీద ఆ తలుపు వెడల్పుకి సరిగ్గా తుంచాను. దాన్ని కిందనుంచి పైకి వేశాను. ఒకటి. రెండు. అయిపోయింది. తలుపు పై అంచుకి తగిలింది పుల్ల.

తరువాత మా ఇంటి వీధితలుపు దగ్గరికి వెళ్ళి దువ్వెనతో కొలిచాను. ఇదీ మూడడుగుల వెడల్పు తలుపే, ఏడడుగుల ఎత్తు. వెడల్పుని రెండుసార్లు వేసినా పైన ఇంకా అడుగు మిగిలింది. పిలిచి చూపించాను. హెప్సిబా నా చేతిలో దువ్వెన చూసింది, తలుపు చూసింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, నేనొకటి చూసి కూడా వదిలేశాను," అంది.

"ఏంటే?"

"ఫోటో తీసేటప్పుడు కెమెరా ఎంత ఎత్తులో ఉందో ఫోటోయే చెప్తుంది. గదిలో ఆ ఎత్తున ఉన్నవన్నీ ఒకే అడ్డగీత మీద పడతాయి. తలుపు ఏడడుగులనుకుంటే ఆ గీత అయిదుంపావు అడుగుల దగ్గర వచ్చింది. యుగంధర్ గారేమో ఛాతీ దగ్గర పట్టుకుని తీశానన్నారు."

"ఛాతీ అయిదుంపావు ఎత్తులోనా? మనిషెంతట?"

"ఇక్కడికొచ్చినప్పుడు చూశావుగా. నాకన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ."

"ఆ లెక్కన అతను దేవాలయం గంట నిలబడే అందుకోవాలి కదే!"

నవ్వు రాలేదు దానికి. తలుపు దగ్గర ఏడు తీసి ఆరు వేసింది. ఆ గీత నాలుగున్నర దగ్గరికి దిగింది, ఛాతీ దగ్గరికే. గది వెడల్పు పదిన్నర పోయి తొమ్మిదికి వచ్చింది. తొమ్మిదిలో మూడు, రెండున్నర పోతే మూడున్నర. అయిదు కావాలి.

మంచాలు తెరమీద మా కళ్ళముందే ఉబ్బాయి. అంటే అవి పెరగలేదు, వాటి అసలు కొలతకి వచ్చాయి. వాటితోపాటు నీడలూ పెరిగి పక్కకి జరిగాయి. పచ్చ గుండ్రం ఆవిడ మంచం మీదకి ఎక్కి కూర్చుంది.

"ప్రభువా," అన్నాను. "వాళ్ళు బండి మాట్లాడుకుంటున్నారు."

హెప్సిబా నాగమల్లేశ్వరికి ఫోన్ చేసింది. పోలేదు. మళ్ళీ చేసింది. సముద్రం పక్కన సిగ్నల్ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో. అన్నం వడ్డించాను, ఎవరం తినలేదు. ఫోన్ ఒక చేత్తో, మెతుకు ఒక చేత్తో. పదోసారి చేసినప్పుడు నేనే అన్నాను, "ముందు ఆ యుగంధర్‌కి చెయ్యవే. కొలవమను."

స్పీకర్ పెట్టింది. అతను ఎక్కడో టీకొట్టు దగ్గర ఉన్నాడు, గ్లాసుల చప్పుడు వినపడుతోంది.

"ఏవండీ హెప్సిబాగారూ, ఫోటో సూపరండీ! పార్టీ చూసి ఫ్లాట్ అయిపోయారు!"

"యుగంధర్ గారూ, ఆ గది వెడల్పు మీరు కొలిచారా?"

"కొలవడమేంటండీ, కంటికి కనపడట్లా? పది, పదిన్నర."

నేను ఆగలేకపోయాను. "బాబూ, ఆ ఇంట్లో నేల లేపారా?"

"ఎవరండీ?"

"మా అమ్మమ్మ," అంది హెప్సిబా.

"నమస్తే మామ్మగారూ. నేల లేపడమేంటండీ?"

"తలుపుల కింద చూడు నాయనా. రంగు లేకుండా కోసిన చెక్క కనపడుతుంది. లోపలికెళ్తుంటే తల వంచుకుంటున్నావా లేదా?"

"అదేంటండీ, మీకెలా తెలుసు? ఇంటాయన రెండేళ్ళ కింద మెరక చేయించాడు. దానికీ మంచానికీ ఏంటండీ సంబంధం?"

హెప్సిబా చెప్పింది. ఓపిగ్గా చెప్పింది. అతను విన్నాడు, నసిగాడు, చివరికి ఇంటికి వెళ్ళి టేపు పెట్టాడు. పావుగంటలో ఫోన్ చేశాడు. వెడల్పు తొమ్మిది, పొడుగు పదకొండు. చీపురుపుల్ల అబద్ధం ఆడలేదు.

"అయినా చూడండీ," అన్నాడు గొంతు తగ్గించి. "అవతల ఇంకో పార్టీ అయిదింటికి వస్తున్నారు. వీళ్ళు ఆ ఫోటో చూసి సంతోషంగా ఉన్నారు. వచ్చాక మంచాలు అటూ ఇటూ జరుపుకోరూ? కావాలంటే ఆవిడ మంచం కాస్త చిన్నది చేసి ఇంకో ఫోటో పంపండి. టేపులు పట్టుకుని ఎవరు చూస్తారండీ?"

హెప్సిబా ముఖం చూశాను. బందరు పనులన్నీ అతనే ఇస్తాడు. అతను కాదంటే ఆ నెలలో దాని పని సగం పోతుంది. కింది పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు లెక్కల పరీక్ష ముందూ అంతే. నేను మాట్లాడకూడదని నోరు గట్టిగా మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుసు.

"యుగంధర్ గారూ," అంది హెప్సిబా. "ఆయన రాత్రి బాత్రూంకి వెళ్ళాలని కుర్చీలోకి దిగుతాడు. కుర్చీ తిరగదు. మధ్యలో ఇరుక్కుంటాడు. అప్పుడు నా ఫోటో చూసుకుంటాడా? పొద్దున్న పంపింది తప్పు, నాదే తప్పు. సరైనది పంపుతున్నాను. ముందు మీకు చెప్పి పంపుదామని చేశాను, అంతే."

"మీ ఇష్టమండీ," అని పెట్టేశాడు. పెట్టేసినవాడి కోపం ఫోన్లోంచి కూడా తెలుస్తుంది.

రెండున్నర అయ్యింది. మళ్ళీ నాగాయలంకకి ఫోన్. మోగుతుంది, తెగుతుంది. నేను వీధిలోకి వెళ్ళి వస్తున్నాను, వీధిలో ఏముందని! బట్టలు తీశాను, మడత పెట్టాను, మళ్ళీ విప్పాను. మూడింటికి నాగమల్లేశ్వరే చేసింది. వెనక సామాను చప్పుడు.

"చెల్లెమ్మా, గిన్నెలు మూటగడుతున్నాం. ఇన్నిసార్లు చేశావేంటి?"

"అక్కా, సామాను ఆపండి," అంది హెప్సిబా. "పొద్దున్న పంపిన ఫోటో తప్పు. ఇంకొకటి పంపాను, అది చూడండి."

చూస్తున్నట్టుంది. చప్పుళ్ళన్నీ ఆగాయి.

"గుండ్రం నా మంచం మీదకి ఎక్కేసిందేంటి?"

హెప్సిబా తలుపు సంగతి చెప్పింది. తాను ఏడనుకున్నానని, అది ఆరని, గది అడుగున్నర తగ్గిందని, తనదే పొరపాటని, క్షమించమని. నాగమల్లేశ్వరి తిట్టలేదు. తిట్టినా బాగుండును. "ఆయన పొద్దుట్నించీ ఆ గుండ్రం మీదే వేలు తిప్పుతున్నాడమ్మా," అంది.

నేను ఫోన్ దగ్గరికి జరిగాను. "అమ్మా, నేను దీని అమ్మమ్మని. రాహేలుని. ఆ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు."

"లేదు మామ్మగారూ. మూడు నెలల్నించీ చూస్తున్నాం. బాత్రూంకి మూడడుగుల తలుపున్న ఇల్లు ఇదొక్కటే. మిగతావాటిల్లో కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోద్ది." మళ్ళీ తనే అంది, "పోనీ నా మంచం తీసెయ్యి చెల్లెమ్మా. నేను చాపేసుకుంటాను."

వెనకనుంచి మగగొంతు వినపడింది. గట్టి గొంతు, గాలిలో పిలుచుకోవడం అలవాటైన గొంతు. "చాపేస్తే నువ్వు గాల్లో పడుకుంటావా? చాప మీద నించి చక్రం పోనియ్యనా?"

"లేపితే లేస్తాను కదయ్యా."

"లేపకుండా వెళ్ళడానికే కదే ఈ ఇల్లు!" అయ్యప్ప ఫోన్ దగ్గరికి తీసుకున్నట్టున్నాడు. "అమ్మాయిగారూ, మీరు తప్పు చేశామని చెప్పారు, సంతోషం. చెప్పకపోతే రేపు నేనక్కడ ఇరుక్కునేవాణ్ణి. ఆవిడ మంచం తీసేసి ఒక ఫోటో పంపండి. చాప గీప ఏం వద్దు. నా మంచం, నా కుర్చీ, అంతే."

హెప్సిబా నా వైపు చూసింది. నేను తలూపాను. అది ఆవిడ మంచం మీద నొక్కి తీసేసింది. మంచం పోయింది, నీడ మాత్రం నేల మీద మిగిలిపోయింది. ఎవరూ లేనిచోట మనిషి నీడలా ఉంది. అదీ తీసేసింది. కుర్చీ తెచ్చి మధ్యలో పెట్టింది. చక్రాలు నేలకి ఆనినచోట సన్నటి నల్లటి నీడ, చువ్వల నీడ కుడివైపుకి సాగి పలచగా. చుట్టూ పచ్చ గుండ్రం. మూడు పోగా ఆరు మిగిలాయి కదా, అయిదు పట్టి ఇంకా అడుగు మిగిలింది. పంపింది.

"తిరుగుద్ది," అన్నాడు అయ్యప్ప. "చూడు, తిరుగుద్ది."

"మరి నేనెక్కడ?" అంది నాగమల్లేశ్వరి.



"హాల్లో పడుకో," అన్నాడతను నెమ్మదిగా. "ఎనిమిది నెలలైంది నువ్వు సరిగ్గా కన్ను మూసి. నేను దగ్గితే లేస్తావు. దగ్గకపోయినా లేస్తావు. నీకు నిద్ర పట్టట్లేదనుకుంటూ నేను మేలుకుంటాను. ఇద్దరం ఒకళ్ళ కోసం ఒకళ్ళం మేలుకుని ఏం సాధిస్తున్నాం?"

"నువ్వు పడితే?"

"పిలుస్తాను. సముద్రం మీద రెండు పడవల అవతలికి వినపడేది నా పిలుపు. హాల్లోకి వినపడదా?"

"పిలవలేనట్టు పడితే?"

నేను ఆసుపత్రిలో రాత్రిపూట వార్డుల్లో ఎంతమందిని చూశానో. రోగి పక్కన కూర్చునేవాళ్ళని లేచి వెళ్ళి పడుకోమంటే కదలరు. తలుపు దగ్గర, రోగి కాళ్ళు కనపడేచోట చాప వేస్తే మాత్రం పడుకుంటారు. కాళ్ళు కనపడితే చాలు వాళ్ళకి.

"అమ్మాయ్ నాగమల్లేశ్వరీ," అన్నాను. "హాల్లో నీ మంచంలోంచి ఆయన కుర్చీ కనపడితే ఉంటావా?"

"కనపడుద్దా?"

"చూద్దాం. ఒక్క గంట ఆగు."

యుగంధర్‌కి మళ్ళీ ఫోన్ చేయాలంటే హెప్సిబా భయపడింది. నేనే చేశాను. కోపంలో ఉన్నవాళ్ళతో మాట్లాడడం నాకు అలవాటే, డాక్టర్లతో ముప్పై ఏళ్ళు మాట్లాడాను.

"బాబూ యుగంధర్, నువ్వింకా ఆ ఇంట్లోనే ఉన్నావా? హాల్లోంచి ఒక ఫోటో కావాలి నాయనా. నిలబడి కాదు. కింద కూర్చుని."

"కిందా? దుమ్మండీ, మామ్మగారూ!"

"ప్యాంటు నేను ఉతికిపెడతాను. ఆవిడ మంచం వేసేచోట, తల పెట్టేచోట గొంతుకూర్చో. ఫోన్ రెండడుగుల ఎత్తున పట్టుకో. పడగ్గది తలుపు బార్లా తీసి, దాన్లోకి తియ్యి. ఈసారి నేల మీద టేపు పరిచి తియ్యి, మా పిల్ల మళ్ళీ తలుపుల్ని నమ్మదు."

"అయిదింటికి అవతల పార్టీ..."

"వాళ్ళొచ్చేలోగా వీళ్ళు ఖాయం చేస్తే నీకు ఒక తిరుగుడు తగ్గుతుంది కదయ్యా."

ఆ మాట అతనికి నచ్చినట్టుంది. పావుగంటలో మొదటి ఫోటో వచ్చింది. నేల మీద పసుపు టేపు, ఎదురుగా ద్వారబంధం చెక్క, లోపల గోడ తప్ప ఏమీ కనపడదు. "ఇంకా కుడికి," అన్నాం. రెండోది వచ్చింది. కిటికీ కనపడింది, అతని మంచం వచ్చే చోటు కనపడింది, నేల మాత్రం కనపడలేదు. "ఇంకో రెండడుగులు కుడికి జరుగు నాయనా." అతను గొంతుకూర్చునే జరుగుతున్నట్టున్నాడు, రొప్పుతున్నాడు. "కప్పలాగుందండీ నా బతుకు," అన్నాడు. హెప్సిబాకి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

మూడోదాంట్లో బాత్రూం తలుపూ, దాని ముందు నేలా కొంత కనపడ్డాయి. హెప్సిబా టేపు మీద అడుగులు లెక్కపెట్టుకుని కొలత కట్టింది. కెమెరా కిందనుంచి కాబట్టి అడ్డగీత కూడా రెండడుగుల దగ్గరే వచ్చింది. అది చూసి తలాడించింది. లోపల మంచం వేసింది, కుర్చీ పెట్టింది. గదిలో ఎడమనుంచి వెలుతురు కాబట్టి నీడ కుడికి, ద్వారబంధం వెనక్కి వెళ్ళి ఆగిపోయింది. హాల్లో కింద ఒక మూలన ఆవిడ మంచం పట్టె ఒకటి, దిండు అంచు. పడుకున్న మనిషి కంటికి ఎంత కనపడుతుందో అంతే. మూలన "సామాను ఊహ మాత్రమే" అని రాసింది. నాలుగు ముప్పావుకి పంపింది.

ఈసారి సిగ్నల్ పోలేదు. ఆవిడ చూస్తోందని తెలుస్తూనే ఉంది, ఊపిరి వినపడుతోంది.

"చెల్లెమ్మా, ఇది కొలతేనా?"

"కొలతే అక్కా. టేపు పెట్టి తీయించాను. ఇందులో అనుకున్నది ఏదీ లేదు."

"ఇక్కడ నా తల. అక్కడ ఆయన." వేలు పెట్టి చూసుకుంటోంది కాబోలు. "మంచం కాళ్ళవైపే కనపడుతోంది. ముఖం కనపడదు."

"ముఖం కనపడితే నువ్వు నిద్రపోవు," అన్నాడు వెనకనుంచి అయ్యప్ప.

"నిన్నడగలేదు." మళ్ళీ నాతో, "మామ్మగారూ, కుర్చీ చక్రం సగమే కనపడుతోంది. మిగతా సగం తలుపు వెనక్కి పోయింది."

"ఇంకో జానెడు జరిగితే వీధి గుమ్మానికి అడ్డం వస్తుందమ్మా నీ మంచం," అన్నాను. "అంతకన్నా జరగదు."

గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. అయిదుకి ఆరు నిమిషాలు. హెప్సిబా నా చెయ్యి పట్టుకుంది.

"సగం చాలంటాడు ఆయన," అంది నాగమల్లేశ్వరి. "నాకు చాలదు. ఎప్పటికీ చాలదు." ముక్కు చీదిన చప్పుడు. తరువాత అవతల ఎవరితోనో గట్టిగా అంది, "ఆ గిన్నెల మూట మళ్ళీ కట్టండే, రేపు వెళ్తున్నాం. నా మంచం పట్టెలు విడిగా కట్టండి, అవి ముందు దింపాల."